రాంగ్ బిషప్, అంచు బంటు: ఓడిపోయిన ఆటను మూలకు చేరి డ్రా చేసుకోవడం ఎలా

చెస్ ఎండ్‌గేమ్‌లో ఒక పక్క రాజు, బిషప్, బంటు ఉండి, ఎదుటి పక్క ఒంటరి రాజు మాత్రమే మిగిలితే మామూలుగా ఆట అయిపోయినట్టే. బిషప్ కాపలా కాస్తుంది, బంటు ముందుకు వెళ్లి క్వీన్ అవుతుంది. ఒక్క సందర్భంలో మాత్రం ఈ బలమంతా ఎందుకూ పనికిరాదు. ఆ బంటు a ఫైల్‌లోదో h ఫైల్‌లోదో అయి, అది క్వీన్ కావలసిన మూల గడి ఒక రంగు, బిషప్ తిరిగే గడులు ఇంకో రంగు అయితే, ఒంటరి రాజు ఆ మూలకు చేరుకున్నాక అతణ్ణి ఎవరూ కదిలించలేరు. దీన్నే రాంగ్ బిషప్ అంటారు.

ఈ డ్రా ఉందని చాలామందికి తెలుసు. ఆట మధ్యలో పాయింట్లు పోయేది మాత్రం వేరే చోట. రాజు మూలకు అందుతాడా లేదా అన్నది ఒక్క ఎత్తుతో తేలిపోతుంది, ఆ ఒక్క ఎత్తు తప్పు పడుతుంది. అందుకే ఈ వ్యాసంలో మూలలో కూర్చోవడం కన్నా మూలకు చేరడం గురించే ఎక్కువ చెబుతాను. పక్కన బోర్డు పెట్టుకుని చదివితే మంచిది. ఎత్తులు మామూలు పద్ధతిలోనే రాస్తాను: K రాజు, B బిషప్, N గుర్రం, Q క్వీన్. ప్రతి చోటా బలం ఉన్నది వైట్, కాపాడుకునేది బ్లాక్ అనుకుందాం.

మొదట రంగు చూసుకోండి

వైట్ h బంటు క్వీన్ అయ్యేది h8లో. అది నల్ల గడి. కాబట్టి వైట్ దగ్గర తెల్ల గడుల బిషప్ ఉంటే అది రాంగ్ బిషప్. వైట్ a బంటు వెళ్లేది a8కి, అది తెల్ల గడి. అక్కడ నల్ల గడుల బిషప్ రాంగ్ అవుతుంది. బంటు బ్లాక్‌ది అయితే మూలలు మారతాయి: a1 నల్ల గడి, h1 తెల్ల గడి. బోర్డు పెట్టేటప్పుడు మన కుడిచేతి మూలలో తెల్ల గడి ఉండాలని అందరం నేర్చుకున్నాం కదా, అదే h1. ఆ ఒక్కటి గుర్తుంటే మిగతా మూడు మూలల రంగులూ వాటంతట అవే వస్తాయి.

ఈ లెక్క ఎండ్‌గేమ్ వచ్చాక కాదు, అంతకు చాలా ముందే వేసుకోవాలి. పావులు తగ్గుతున్నప్పుడు ఎదుటివాడి బిషప్ ఏ రంగుదో, అతని దగ్గర ఏ అంచు బంటు మిగిలే అవకాశం ఉందో ఒకసారి చూసుకుంటే, ఏ పావులు మార్చుకోవాలో, ఏవి మార్చుకోకూడదో ఎత్తులు లెక్కపెట్టకుండానే తెలుస్తుంది.

మూలలో ఏం జరుగుతుంది

ముందుగా చేరుకోవలసిన గమ్యాన్ని చూద్దాం. వైట్: రాజు g6, బిషప్ e4, బంటు h6. బ్లాక్: రాజు h8. ఎత్తు వైట్‌ది. ఆన్‌లైన్ బోర్డులో పెట్టుకోవాలంటే ఈ FEN అతికించండి:

```
7k/8/6KP/8/4B3/8/8/8 w - - 0 1
```

వైట్‌కు ఇంతకన్నా మంచి పొజిషన్ దొరకదు. రాజు, బంటు రెండూ వెళ్లగలిగినంత దూరం వెళ్లిపోయాయి. అయినా గెలుపు లేదు. ఒక్కో ప్రయత్నం చూడండి.

బిషప్ d5కి వస్తే g8 గడి మూసుకుపోతుంది. g7, h7 గడులను వైట్ రాజు ఎలాగూ చూస్తున్నాడు. బ్లాక్ రాజుకు వెళ్లడానికి గడి లేదు, చెక్ కూడా లేదు. స్టేల్‌మేట్. వైట్ వెంటనే h7 నెట్టినా అంతే: ఇప్పుడు g8ని బంటు చూస్తోంది, g7ని రాజు చూస్తున్నాడు, h7 బంటును తినడానికి వీల్లేదు. రాజు f7కి జరిగితే e4 బిషప్‌కు దారి తెరుచుకుని h7ని పట్టేస్తుంది, మళ్లీ స్టేల్‌మేట్.

ఇక వైట్ ఊరికే ఒక ఎత్తు వేసి, బ్లాక్ రాజు g8కి వచ్చేదాకా ఆగుతాడు అనుకుందాం. ఉదాహరణకు 1.Bf5 Kg8. ఇప్పుడు 2.h7+ అంటే 2...Kh8, తర్వాత రాజు g6లో ఉన్నంతసేపూ స్టేల్‌మేటే. రాజు దూరం జరిగి, బిషప్ కూడా పట్టు వదిలితే బ్లాక్ బంటును తినేస్తాడు. రెంటిలో ఏదైనా డ్రానే.

కారణం తేలికే. బిషప్ తన జీవితంలో ఎప్పుడూ h8 గడిని తాకలేదు. రాజును ఆ గడి నుంచి బయటికి నెట్టాలంటే అక్కడ చెక్ ఇవ్వాలి. బిషప్ ఇవ్వలేదు, వైట్ రాజు ఇవ్వలేడు, h బంటు పక్క ఫైల్‌ను మాత్రమే కొడుతుంది కాబట్టి అదీ ఇవ్వలేదు. చెక్ ఇవ్వలేని చోట ఎంత బిగిస్తే అంత త్వరగా స్టేల్‌మేట్ వస్తుంది. అదే పొజిషన్‌లో e4 బిషప్ తీసి f4లో నల్ల గడుల బిషప్ పెట్టి చూడండి: 1.Be5+ Kg8 2.h7+ Kf8 3.h8=Q+, ఆట ముగిసింది. ఒక్క రంగు మార్పుతో ఇంత తేడా.

కాపాడుకునేవాడికి ఇక్కడ ఒకే ఒక గుంట ఉంది. పై పొజిషన్‌లోనే 1.Bf5 Kg8 2.Be6+ ఆడితే రాజుకు రెండు గడులు కనిపిస్తాయి, h8, f8. మూలలో ఇరుక్కుపోతామేమో అనే టెన్షన్‌లో కొందరు f8కి వెళతారు. అక్కడే ఓడిపోతారు: 2...Kf8 3.h7 Ke7 4.h8=Q, ఆపై e6లో బిషప్‌ను తిన్నా క్వీన్ మిగిలింది. సరైనది 2...Kh8, అంతే. ఇరుకుగా కనిపించే గడే ఇక్కడ ప్రాణం నిలబెడుతుంది. చెక్ వచ్చినప్పుడు మూల వైపు వెళ్లాలి, మధ్యకు వెళ్లకూడదు. ఈ ఎండ్‌గేమ్ మొత్తంలో కళ్లు మూసుకుని పాటించదగ్గ నియమం ఇదొక్కటే.

మూలకు పరుగు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. బ్లాక్ రాజు ఇంకా మూలలో లేడు, దారిలో ఉన్నాడు. వైట్: రాజు f5, బిషప్ d3, బంటు h4. బ్లాక్: రాజు e7.

```
8/4k3/8/5K2/7P/3B4/8/8 b - - 0 1
```

ఇది బ్లాక్ ఎత్తు అయినప్పుడు. చివరలో b బదులు w పెడితే వైట్ ఎత్తు అవుతుంది. రెండూ విడివిడిగా ఆడి చూడాలి, ఎందుకంటే ఎత్తు ఎవరిదన్న దాన్ని బట్టే ఫలితం మారిపోతుంది.

బ్లాక్ ఎత్తు అయితే 1...Kf7. రాజు మూల వైపు ఒక అడుగు వేశాడు, అదే సమయంలో వైట్ రాజును g6 గడి నుంచి దూరంగా పెట్టాడు. వైట్ చేయగలిగినంతలో పదునైనది 2.Bc4+. ఈ చెక్ బలంగానే కనిపిస్తుంది, ఎందుకంటే c4 నుంచి g8 దాకా ఉన్న తెల్ల డయాగొనల్ మొత్తం బిషప్ చేతికి వచ్చింది. రాజు g8కి వెళ్లలేడు. వెళ్లగలిగిన మంచి గడి g7. అదే ఆడాలి: 2...Kg7.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి వైట్ వైపు నుంచి చూడండి. g8 బిషప్‌ది. మరి g7, h8? రెండూ నల్ల గడులు, బిషప్‌కు అందవు. వాటిని పట్టాలంటే వైట్ రాజే దగ్గరికి రావాలి. 3.Kg5 వస్తాడు, బ్లాక్ 3...Kh8. ఇప్పుడు 4.Kg6 ఆడితే g7, h7 రాజుకు, g8 బిషప్‌కు చిక్కాయి, స్టేల్‌మేట్. 4.Kh6 ఆడినా అదే స్టేల్‌మేట్. 4.Kf6 అంటే బ్లాక్ 4...Kh7 ఆడి ఊపిరి పీల్చుకుంటాడు. 4.h5 అంటే 4...Kg7, మళ్లీ 5.h6+ అంటే 5...Kh8. కోట కట్టడం పూర్తయింది.

అదే రెండో ఎత్తు దగ్గర 2...Kf8 ఆడి ఉంటే? చూడటానికి ఆ గడి కూడా మూలకు దగ్గరే. కానీ వైట్ 3.Kg6 అని g7ని పట్టేస్తాడు, g8 ముందే బిషప్ చేతిలో ఉంది. తలుపు రెండు వైపులా మూసుకుపోయింది. 3...Ke7 4.h5 Kf8 5.h6 Ke7 6.h7, తర్వాత క్వీన్. f8కి, g7కి మధ్య తేడా ఒక్క గడి. ఆ ఒక్క గడిలో అర పాయింట్ ఉంది.

ఇప్పుడు అదే పొజిషన్‌లో వైట్‌కు ఎత్తు ఇవ్వండి. ఎక్కువమంది వెంటనే 1.h5 నెడతారు, బంటు ముందుకు పోతేనే కదా క్వీన్ అయ్యేది అని. అది గెలుపును చేజార్చే ఎత్తు. 1...Kf7 2.Bc4+ Kg7, ఇక రాజును బయటికి లాగలేరు. సరైనది 1.Kg6. వైట్ రాజు మూలకు వెళ్లే దారిలో తానే నిలబడ్డాడు. f7, g7 రెండూ మూశాడు. బ్లాక్‌కు మిగిలిన దారి f8 మీదుగా g8. 1...Kf8 అంటే వెంటనే 2.Bc4, ఆ దారి కూడా బందు. బంటు ఇంకా h4లోనే ఉంది, అయినా ఆట గెలిచినట్టే, ఎందుకంటే ఇక దాన్ని ఆపేవాడు లేడు. అక్కడ కూడా 2.h5 అని తొందరపడితే 2...Kg8తో బ్లాక్ లోపలికి దూరి డ్రా చేసుకుంటాడు.

ఈ ఒక్క పొజిషన్ నుంచి రెండు పక్షాల పనీ అర్థమవుతుంది. వైట్ గెలవాలంటే బంటును మరిచిపోయి, g7ను రాజుతో, g8ని బిషప్‌తో ముందు మూయాలి. బంటుకు ఆ తర్వాత కావలసినంత సమయం ఉంటుంది. బ్లాక్ బతకాలంటే బంటును ఆపాలన్న ఆలోచన వదిలేసి, మూల చుట్టూ ఉన్న g7, g8, h7, h8 అనే నాలుగు గడుల్లో ఒకదాని మీద కాలు పెట్టాలి. అందులో g7 అన్నిటికన్నా నమ్మదగ్గది, అది నల్ల గడి కాబట్టి బిషప్ దాన్ని ఎన్నటికీ అడ్డుకోలేదు. బ్లాక్‌గా ఆడుతూ దారి తేలకపోతే నేను ముందు g7కి వెళ్లడం సాధ్యమా అనే చూస్తాను. చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది.

బ్లాక్ దగ్గర కూడా ఒక బంటు ఉంటే

ఒక బంటు అదనంగా ఉంటే మంచిదే కదా అనిపిస్తుంది. ఈ ఎండ్‌గేమ్‌లో అది ఏ ఫైల్‌లో ఉందో చూసి మాట్లాడాలి. దూరంగా, ఉదాహరణకు a ఫైల్‌లో ఉంటే స్టేల్‌మేట్ పోతుంది, ఎందుకంటే బ్లాక్‌కు ఆడటానికి ఒక ఎత్తు మిగిలింది. అయినా భయం లేదు. రాజు h8లో ఉంటే అతనికి చెక్ ఇచ్చే పావు ఎలాగూ లేదు కాబట్టి మేట్ కూడా లేదు.

భయపడవలసింది g ఫైల్‌లోని బంటుకు. వైట్ h బంటు దాన్ని తిన్నదంటే ఇక అది అంచు బంటు కాదు, g బంటు. మనం ఇంతసేపు చెప్పుకున్న రక్షణ అంతా ఆ క్షణంలో మాయమవుతుంది. ఇది చూడండి. వైట్: రాజు g6, బిషప్ e4, బంటు h6. బ్లాక్: రాజు g8, బంటు g7. ఎత్తు బ్లాక్‌ది.

```
6k1/6p1/6KP/8/4B3/8/8/8 b - - 0 1
```

మూలకు వెళ్లాలన్న నియమం గుర్తుపెట్టుకుని 1...Kh8 ఆడితే 2.hxg7+ Kg8 3.Bd5 చెక్‌మేట్. f8, h8 గడులను కొత్త g బంటు చూస్తోంది, f7, h7 గడులను రాజు చూస్తున్నాడు. మూలే ఇక్కడ ఉరితాడు అయింది. సరైన ఎత్తు 1...gxh6. వైట్ దగ్గర ఉన్న ఒకే ఒక్క బంటు పోయింది, ఒంటి బిషప్‌తో మేట్ చేయడం ఎవరికీ సాధ్యం కాదు.

అందుకని మూలకు పరుగెత్తే ముందు g బంటు సంగతి తేల్చుకోవాలి. దాన్ని వదిలించుకునే వీలుంటే వదిలించుకోండి, లేదా h బంటుతోనే మార్పిడి జరిగేలా చూడండి. వైట్ దగ్గర h ఫైల్‌లోనే రెండు బంట్లు ఒకదాని వెనక ఒకటి ఉంటే మాత్రం కంగారు అక్కర్లేదు. రాజు మూలలో ఉన్నాక రెండో బంటు కూడా మొదటిదాని లాగే పనికిరాదు.

ఈ ఎండ్‌గేమ్‌ను మనమే తెచ్చుకోవడం

ఇంతవరకు పొజిషన్ దానంతట అది వచ్చినట్టు మాట్లాడాం. బాగా ఆడేవాళ్లు దీన్ని కోరి తెచ్చుకుంటారు. వైట్: రాజు e3, బిషప్ e2, బంట్లు g4, h4. బ్లాక్: రాజు g7, గుర్రం f6. ఎత్తు బ్లాక్‌ది.

```
8/6k1/5n2/8/6PP/4K3/4B3/8 b - - 0 1
```

రెండు బంట్లు తక్కువ. మామూలుగా ఆడితే మెల్లగా, నొప్పి తెలుస్తూ ఓడిపోయే ఆట. కానీ రంగు చూశారా? బిషప్ తెల్ల గడులది, h8 నల్ల గడి. వైట్‌ను గెలిపించేది g బంటు ఒక్కటే. కాబట్టి 1...Nxg4+ 2.Bxg4, ఆ తర్వాత బ్లాక్ రాజు h8కి వెళ్లి కూర్చుంటాడు. ఒక బిషప్, ఒక బంటుకు సరిపడా బలం తేడా ఉంది, బోర్డు మీద మాత్రం డ్రా. వైట్ గుర్రాన్ని తినకుండా 2.Kf4 ఆడినా g బంటు పోయింది కాబట్టి మిగిలింది అంచు బంటే. గుర్రం ఎప్పుడైనా దానికోసం కూడా ప్రాణం ఇవ్వగలదు.

ఇదే పొజిషన్‌లో ఎత్తు వైట్‌ది అయితే అతను ఏం చేయాలి? 1.g5. ఇప్పుడు g బంటుకు కాపలా h బంటు. గుర్రం g5లో తింటే hxg5, మిగిలింది g బంటు, వైట్ గెలుపు. గుర్రం h4 బంటు మీద ప్రాణం ఇచ్చినా g బంటే మిగులుతుంది. ముందు g బంటుకు కాపలా బిషప్, ఇప్పుడు h బంటు. కాపలా మారగానే బ్లాక్ తప్పించుకునే దారి మూసుకుపోయింది. బలం ఉన్న పక్షం ఈ ఎండ్‌గేమ్ నుంచి నేర్చుకోవలసిన మెళకువ ఇదే అని నా అభిప్రాయం: మంచి బంటును బిషప్‌తో కాపాడొద్దు, అంచు బంటుతో కాపాడండి. అప్పుడు ఎదుటివాడు తన పావును బలి ఇచ్చినా అంచు బంటే అక్కడికి వచ్చి మంచి బంటు అవుతుంది.

ఈ డ్రాను చూడలేక ఓడిపోయినవాళ్లలో గ్రాండ్‌మాస్టర్లు కూడా ఉన్నారు. 1971లో వాంకూవర్‌లో బాబీ ఫిషర్, మార్క్ తైమనోవ్ మధ్య కాండిడేట్స్ మ్యాచ్ జరిగింది. దాన్ని ఫిషర్ 6–0తో గెలిచాడు. ఆ స్కోరు చూస్తే తైమనోవ్‌కు ఒక్క అవకాశం కూడా రాలేదనిపిస్తుంది. రెండో గేమ్ చివర చూస్తే అభిప్రాయం మారుతుంది. ఫిషర్ దగ్గర తెల్ల గడుల బిషప్, h బంటు. తైమనోవ్ దగ్గర ఒక గుర్రం. 81వ ఎత్తుగా తైమనోవ్ 81...Ke4 ఆడాడు. రాజు మూలకు దూరమయ్యాడు, 82.Bc8 తర్వాత h బంటును ఆపలేక 89వ ఎత్తుకు ఓడిపోయాడు.

ఆడవలసింది 81...Nd3. 82.h4 అంటే 82...Nf4. ఇక 83.Kf5 అని ఫిషర్ గుర్రం మీదికి వస్తాడు. ఇక్కడే అసలు ఆలోచన ఉంది: గుర్రాన్ని కాపాడే పని పెట్టుకోకుండా 83...Kd6. 84.Kxf4 Ke7. గుర్రం పోయింది, కానీ వైట్ రాజు దాన్ని తినడానికి f4 దాకా వెనక్కి వెళ్లవలసి వచ్చింది. ఆ సమయంలో బ్లాక్ రాజు రెండు అడుగులు మూల వైపు వేశాడు. ఇప్పుడు మనం పైన చూసిన పరుగుపందెంతో పోల్చండి. అక్కడ వైట్ రాజు f5లో, బ్లాక్ రాజు e7లో ఉన్నప్పుడు ఎత్తు వైట్‌ది అయితే Kg6తో గెలుపు. ఇక్కడ వైట్ రాజు f4లోనే ఉన్నాడు. ఆ ఒక్క అడుగు వెనకబడటం వల్ల g6 అందదు. 85.Kf5 అంటే 85...Kf7, తర్వాత g7. గుర్రం విలువ ఇక్కడ ఒక్క ఎత్తు, ఆ ఒక్క ఎత్తుకే డ్రా.

ఎనభై ఎత్తులు ఆడి అలసిపోయినప్పుడు ఉన్న ఒక్క పావును వదులుకోవాలన్న ఆలోచన రావడం కష్టం. గుర్రం ఉన్నంతవరకు బంటును దానితోనే ఆపాలనిపిస్తుంది. రాంగ్ బిషప్ అని ముందే గుర్తించినవాడికి మాత్రం గుర్రం ఒక భారం కాదు, అమ్ముకోదగ్గ వస్తువు. ఎదుటి రాజు దాన్ని కొనడానికి ఎంత దూరం వెళ్లాలో చూసుకుంటే చాలు.

కోటలో కూర్చున్నాక డ్రా తీసుకోవడం

రాజు మూలకు చేరాక ఎదుటివాడు చాలాసార్లు ఒప్పుకోడు. మీ గడియారంలో సమయం తక్కువ ఉంటే బిషప్‌ను అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంటాడు. ఇక్కడ ఒక విషయం స్పష్టంగా తెలిసి ఉండాలి. ఎదుటివాడి దగ్గర బంటు ఉన్నంతకాలం, మీ సమయం అయిపోతే మీరు ఓడిపోయినట్టే. పొజిషన్ డ్రా అని మీకు, అతనికి, చూస్తున్న అందరికీ తెలిసినా లాభం లేదు. నియమం చూసేది ఎదుటివాడికి ఏ రకంగానైనా మేట్ చేయడం సాధ్యమా అని మాత్రమే, బంటు ఉంటే సాధ్యమే. బంటు పోయి ఒంటి బిషప్ మిగిలితే సమయం అయిపోయినా డ్రా. కాబట్టి బంటును తినే అవకాశం నిక్కచ్చిగా కనిపిస్తే తినేయండి. దానికోసం మూలను వదిలి f ఫైల్ దాటి మాత్రం వెళ్లకండి.

మూలలో ప్రతి ఎత్తుకూ ఆలోచించే పని లేదు. రాజు h8లో ఉంటే g8 ఖాళీగా ఉందా చూడండి, ఉంటే అక్కడికి వెళ్లండి. g8లో ఉంటే తిరిగి h8. g8 దొరకకపోతే h7 లేదా g7 చూడండి. ఏదీ దొరకకపోతే అది స్టేల్‌మేట్, ఆట అక్కడే ముగిసింది. బంటు h7కి వచ్చి చెక్ ఇస్తే h8. ఇలా సెకన్లలో ఆడుకుంటూ పోవచ్చు.

టోర్నమెంట్‌లో ఒకే పొజిషన్, అదే ఆటగాడి ఎత్తుతో, మూడోసారి రాబోతుంటే మీ ఎత్తును బోర్డు మీద ఆడకుండా స్కోర్‌షీట్ మీద రాసి, గడియారం ఆపి ఆర్బిటర్‌ను పిలిచి చెప్పాలి. చాలామంది ముందు ఎత్తు ఆడేసి తర్వాత అడుగుతారు. అలా ఆడేస్తే ఆ ఎత్తుకు అడిగే హక్కు పోతుంది, మళ్లీ పొజిషన్ వచ్చేదాకా ఆగాలి. రెండో దారి 50 ఎత్తుల నియమం: ఇద్దరూ చెరో 50 ఎత్తులు ఆడినా ఏ బంటూ కదలకపోతే, ఏ పావూ పోకపోతే డ్రా అడగవచ్చు. ఎదుటివాడు ప్రతి కొన్ని ఎత్తులకూ బంటును ఒక గడి జరిపితే లెక్క మళ్లీ మొదటి నుంచి వస్తుంది. కానీ బంటు h7 దాకా వచ్చాక ఇక జరపడానికి ఏమీ ఉండదు. మీరు అడగకపోయినా, అదే పొజిషన్ ఐదుసార్లు వస్తే లేదా చెరో 75 ఎత్తులు అలాగే గడిస్తే ఆర్బిటరే డ్రా ప్రకటిస్తాడు. ఇదంతా స్కోర్‌షీట్ మీద ఆధారపడుతుంది కాబట్టి, నియమం రాయమన్నంతవరకు రాస్తూ ఉండండి.

సాధన చేయాలంటే ఒక స్నేహితుడితో కూర్చుని రెండో FEN పొజిషన్‌ను నాలుగు రకాలుగా ఆడండి: మీరు బ్లాక్‌గా బ్లాక్ ఎత్తుతో, బ్లాక్‌గా వైట్ ఎత్తుతో, తర్వాత వైట్‌గా రెండు రకాలూ. అది చేతికి వచ్చాక బిషప్‌ను d3 నుంచి b1కి మార్చి మళ్లీ ఆడండి. ఇప్పుడు వైట్ ఎత్తుతో Kg6 Kf8 వచ్చాక, g8ని పట్టడానికి బిషప్‌కు c4 అందదు, a2కి వెళ్లాలి. ఆ తర్వాత బోర్డును అద్దంలో చూసినట్టు తిప్పి a ఫైల్ బంటుతో, నల్ల గడుల బిషప్‌తో అదే ఆట ఆడండి. h వైపు తడుముకోకుండా ఆడేవాళ్లు కూడా a వైపు వచ్చేసరికి b7, b8, a7, a8లలో ఏది ముందు చేరాలో తికమకపడతారు. అక్కడ నమ్మదగ్గ గడి b7.